అర్థం కానప్పుడు బాట్ ఏం చెప్పాలి?

ఒక పట్టణంలో రక్తపరీక్షల ల్యాబ్ ఉందనుకుందాం. రోజంతా మోగే ఫోన్లకు జవాబు చెప్పలేక, వాళ్లు వాట్సాప్‌లో ఒక చిన్న బాట్ పెట్టించుకున్నారు. అది చేసే పనులు మూడే: పరీక్షకు రోజు బుక్ చేయడం, రిపోర్టు వచ్చిందో లేదో చెప్పడం, ఏ పరీక్షకు ఎంత ఫీజో చెప్పడం. తయారుచేసిన కుర్రాడు ఈ మూడు పనులనూ శ్రద్ధగా రాశాడు. "ఫీజు ఎంత" అని పంపి చూశాడు, వచ్చింది. "రిపోర్టు" అని పంపాడు, అదీ వచ్చింది. మర్నాడు జనానికి నంబరు ఇచ్చేశారు.

ఆ జనం పంపేవి ఎలా ఉంటాయంటే: ఒక వాయిస్ మెసేజ్. దండం పెట్టే స్టిక్కర్. డాక్టరు చీటీ ఫొటో, కింద ఒక్క అక్షరం కూడా లేకుండా. మూడు ప్రశ్నార్థకాలు. "nannagariki sugar kuda undi eppudu teesukuravali" అని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. గులాబీల బొమ్మతో శుభోదయం. వీటిలో దేనికీ ఆ మూడు పనుల్లో చోటు లేదు. ఇలాంటివి వచ్చినప్పుడు ప్రోగ్రామ్ ఇచ్చే జవాబునే ఫాల్‌బ్యాక్ అంటారు. కొత్తగా బాట్ రాసేవాళ్లు దీన్ని చివర్లో, ఒక్క వాక్యంతో ముగిస్తారు. "చెల్లని ఇన్‌పుట్. దయచేసి సరైన ఆప్షన్ ఎంచుకోండి." ఇబ్బందిలో ఉన్న మనిషి చదివేది మాత్రం చాలాసార్లు ఆ వాక్యమే.

ఇది కొత్త సమస్య కాదు. ఎమ్ఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ 1966లో ప్రకటించిన ఎలిజా అనే ప్రోగ్రామ్ దీన్ని తెలివిగా దాటింది. ఎలిజా మానసిక వైద్యుడిలా మాట్లాడేది. ఎదుటి మనిషి రాసిన వాక్యంలో తనకు తెలిసిన మాట ఒక్కటీ దొరకకపోతే, ముందే సిద్ధం చేసి పెట్టిన కొన్ని వాక్యాల్లోంచి ఒకటి తీసేది. ఇంకా చెప్పండి, అది మీకు ఏమనిపిస్తోంది, ఇలాంటివి. ఒక్కోసారి ఆ మనిషి ముందెప్పుడో తన గురించి చెప్పుకున్న మాటను గుర్తుపెట్టుకుని, దాన్ని మళ్లీ ముందుకు తెచ్చేది. అవతలివాళ్లకు అది అర్థం చేసుకున్నట్టే అనిపించేది. వైజెన్‌బామ్ వైద్యుడి వేషాన్ని ఎంచుకున్నదే అందుకు. లోకజ్ఞానం ఏమీ లేకపోయినా ఆ సంభాషణలో నెట్టుకురావచ్చు.

ల్యాబ్ బాట్ ఆ దారిలో వెళ్లకూడదు. "పరగడుపున రావాలా?" అని అడిగినవాళ్లకు "ఇంకా చెప్పండి" అంటే, తన ప్రశ్న ల్యాబ్‌కు చేరిందనే వాళ్లు అనుకుంటారు. మర్నాడు టిఫిన్ తినేసి వచ్చి షుగర్ పరీక్షకు రక్తం ఇస్తారు. అంటే పని చేసిపెట్టే బాట్ ఫాల్‌బ్యాక్‌లో మొదట ఉండాల్సింది నిజం: నాకు అర్థం కాలేదు అన్న సంగతి. ఎలిజా నుంచి తీసుకోదగ్గది రెండోది, ముందు చెప్పిన మాటను గుర్తుపెట్టుకోవడం. దాని దగ్గరికి తర్వాత వద్దాం.

ముందు ఒక తేడా గమనించాలి. ఏమీ రాకపోవడం వేరు, వచ్చింది అర్థం కాకపోవడం వేరు. ఫోన్‌లో "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అనే వ్యవస్థలు రాసేవాళ్లకు ఇది బాగా తెలుసు. ఆ పనికోసం పుట్టిన వాయిస్ ఎక్స్ఎంఎల్ అనే భాషలో (దాని 2.0 రూపం 2004లో ప్రమాణమైంది) ఈ రెంటికీ రెండు వేర్వేరు పేర్లున్నాయి: `noinput`, `nomatch`. మనిషి మౌనంగా ఉంటే, ఇప్పుడు తాను మాట్లాడాలన్న సంగతి అతనికి తెలిసి ఉండకపోవచ్చు, లేదా చీటీ వెతుక్కుంటూ ఉండొచ్చు. అదే ప్రశ్నను కాస్త పొట్టిగా మళ్లీ అడిగితే చాలు. మాట్లాడినా యంత్రానికి అందకపోతే, అదే ప్రశ్న మళ్లీ అడిగి లాభం లేదు. అతను అదే జవాబు ఇంకొంచెం గట్టిగా చెబుతాడు, యంత్రానికి మళ్లీ అందదు. అక్కడ ప్రశ్నను మార్చాలి.

వాట్సాప్‌లో "ఖాళీ" ఇంకో రూపంలో వస్తుంది. వచ్చిన ప్రతి మెసేజ్‌కూ `type` అని ఒక గుర్తు ఉంటుంది. అది `text` అయినప్పుడే అక్షరాలు `text.body` అనే చోట ఉంటాయి. వాయిస్‌కు, స్టిక్కర్‌కు ఆ చోటే ఉండదు. `type` చూడకుండా నేరుగా అక్షరాల కోసం వెళ్లిన ప్రోగ్రామ్ అక్కడే పడిపోతుంది. పంపినవాళ్లకు ఏ జవాబూ రాదు. పైగా మెసేజ్ అందినట్టు మన ప్రోగ్రామ్ చెప్పలేదు కాబట్టి వాట్సాప్ దాన్ని మళ్లీ పంపుతుంది, ప్రోగ్రామ్ మళ్లీ పడుతుంది. ఇలాంటి బాట్‌లలో ఘోరమైన వైఫల్యం తప్పు జవాబు కాదు, ఈ మౌనమే. అందుకని మొదటి పరీక్ష ఇదే: మీ బాట్‌కు ఒక వాయిస్, ఒక స్టిక్కర్, ఒక ఫొటో, ఒక లొకేషన్ పంపి చూడండి. నాలుగింటికీ ఏదో ఒక జవాబు రావాలి. వాయిస్‌కు "వాయిస్ మెసేజ్ నేను వినలేనండీ, రాసి పంపగలరా? రాయడం కుదరకపోతే 0 పంపండి, మావాళ్లు ఫోన్ చేస్తారు" అంటే సరిపోతుంది. మీరు అన్న గౌరవం అందులో ఉండాలి. రాయడం రాని మనిషికి ఒక దారీ ఉండాలి. ఒక్క మినహాయింపు ఉంది. బాట్ పంపిన మెసేజ్ మీద ఎవరైనా హృదయం బొమ్మతో రియాక్షన్ పెడితే దానికి బదులివ్వకూడదు. అది ప్రశ్న కాదు.

ఇక అక్షరాల రూపంలోనే వచ్చినా లోపల ఏమీ లేనివి. ఖాళీ జాగాలు, చుక్కలు, ప్రశ్నార్థకాలు. ఇక్కడ పైథాన్‌లో రాసే తెలుగువాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సిన ఉచ్చు ఒకటుంది. "ఇందులో అక్షరాలున్నాయా?" అని చూడటానికి చాలామంది `isalpha()` వాడతారు. "ధర" అని పెట్టి చూస్తే `True` అంటుంది. బాగానే ఉందనుకుంటారు. "ఫీజు" అని పెడితే `False`. కారణం, యూనికోడ్ లెక్కలో గుడి, కొమ్ము, దీర్ఘం వంటి గుణింతపు గుర్తులూ, ఒత్తు కలిపే పొల్లూ, సున్నా కూడా అక్షరాలు కావు, అక్షరానికి అంటుకునే గుర్తులు. "ధర"లో అవేవీ లేవు, "ఫీజు"లో ఉన్నాయి. ఆ పద్ధతిలో రాసిన బాట్ తెలుగులో వచ్చే మాటల్లో అధికభాగాన్ని చెత్తగా లెక్కగడుతుంది, ఇంగ్లీషులో రాసేవాళ్లకు మాత్రం చక్కగా పనిచేస్తుంది. తయారుచేసినవాళ్లు ఇంగ్లీషులో పరీక్షించి ఉంటే ఈ సంగతి వాళ్ల కంటపడదు.

`strip()` మీద పూర్తిగా ఆధారపడటం కూడా చాలదు. మామూలు ఖాళీలను అది తీసేస్తుంది. కానీ "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో ట తర్వాతి పొల్లు, వ కలిసి ఒత్తుగా మారకుండా ఆపడానికి కీబోర్డులు వాడే కనిపించని గుర్తు ఒకటుంది, దాన్ని తీయదు. ఆ ఒక్క గుర్తే వచ్చిన మెసేజ్ కంటికి ఖాళీ, ప్రోగ్రామ్‌కు కాదు. ఈ రెండు ఇబ్బందులకూ ఒకే చిన్న మందు ఉంది. మొత్తం మాట అక్షరాలేనా అని అడగకుండా, కనీసం ఒక్క అక్షరమో అంకెో ఉందా అని అడగడం.

```python
import unicodedata

def has_content(text):
    return any(unicodedata.category(ch)[0] in "LN"
               for ch in text)
```

`L` అంటే అక్షరాలు, `N` అంటే అంకెలు. "ఫీజు"లో ఫ, జ ఉన్నాయి కాబట్టి దాటుతుంది. "???" దాటదు. బొటనవేలు పైకెత్తిన బొమ్మా దాటదు. అయితే, "రేపు ఉదయం 7 గంటలకు ఖాయం చేయమంటారా?" అని బాట్ అడిగిన మరుక్షణం ఆ బొటనవేలు వస్తే? అది ఖాళీ కానే కాదు, అది అవును. అందుకే ఖాళీయో కాదో తేల్చేముందు, మనం ఇప్పుడే ఏం అడిగామో చూసుకోవాలి. ఔను కాదు ప్రశ్నల దగ్గర ఆ బొమ్మను జవాబుగా తీసుకోవాలి, మిగతా చోట్ల ఖాళీగా.

ఫాల్‌బ్యాక్ గురించి మాట్లాడేటప్పుడు మరుగునపడే విషయం ఒకటి, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది: రావాల్సినప్పుడు ఫాల్‌బ్యాక్ రాకపోవడం. బాట్‌కు అర్థం కాలేదు, కానీ అర్థమైందనుకుంది. "hi" అన్న మాట ఉంటే నమస్కారం చెప్పమని ఒకరు రాశారు. ఎవరో "hiv test fee" అని అడిగారు.

```python
"hi" in "hiv test fee"           # True
"hi" in "hiv test fee".split()   # False
```

మొదటి పద్ధతిలో రాసిన బాట్, అడగడానికే ఎంతో ధైర్యం కూడదీసుకున్న మనిషికి "నమస్కారం! శుభోదయం!" అంటుంది. తిరిగి అడుగుతారన్న ఆశ లేదు. అలాగే "report"ను పట్టుకోవడానికి "rep" తో మొదలయ్యే మాట చాలనుకుంటే, "repu vastanu" అన్నవాళ్లకు మీ రిపోర్టు ఇంకా రాలేదని జవాబు వెళుతుంది. రేపు వస్తానన్న మనిషికి బుకింగ్ కాలేదు, కాలేదని తెలియనూ లేదు. "అర్థం కాలేదండీ" అని వచ్చి ఉంటే ఇంకోసారి ప్రయత్నించేవారు.

అలాగని మొత్తం మాట అచ్చంగా కలిస్తేనే తీసుకుంటానంటే తెలుగులో సాగదు. మన మాటకు తోకలుంటాయి. రిపోర్టు, రిపోర్ట్, రిపోర్టులు, రిపోర్టేదీ, రిపోర్టుకోసం. నేను మొదలుపెట్టేవాళ్లకు చెప్పేది ఇదే: పొట్టి మాటలు అచ్చంగా కలవాలి, పొడుగు మాటలకు మొదలు కలిస్తే చాలు. `startswith("రిపోర్ట")` అని రాస్తే పై ఐదూ దొరుకుతాయి, ఎందుకంటే ట తర్వాత ఏ గుణింతం వచ్చినా, పొల్లు వచ్చినా మొదటి భాగం మారదు. ఇంగ్లీషు లిపిలోనైతే "report" మొత్తం ఉండాలి, "rep" చాలదు. దీనితో కొన్ని నిజమైన ప్రశ్నలు జారిపోతాయి, నిజమే. జారిపోయినవి ఫాల్‌బ్యాక్‌లో పడతాయి, అక్కడ వాటిని పట్టుకోవచ్చు. తప్పుగా పట్టుకున్నవాటిని తర్వాత ఎవరూ చూడరు.

ఇప్పుడు జవాబులోని మాటల దగ్గరికొద్దాం. ఒక బుకింగ్ మధ్యలో ఉందనుకోండి. థైరాయిడ్ పరీక్ష కావాలన్నారు, పేరు చెప్పారు, వయసు చెప్పారు. "ఏ రోజు వస్తారు?" అని బాట్ అడిగింది. జవాబు: "pandaga ayyaka vastam".

మనిషికి ఇది పూర్తిగా అర్థమయ్యే వాక్యం. బాట్‌కు తేదీలు, రేపు, ఎల్లుండి, వారాల పేర్లు తెలుసు, పండగ తెలియదు. చాలా బాట్‌లు ఇక్కడ చేసే పని, మళ్లీ మొదటికి వెళ్లి "స్వాగతం! బుకింగ్‌కు 1, రిపోర్టుకు 2, ఫీజుకు 3" అనడం. పరీక్ష, పేరు, వయసు అన్నీ పోయినట్టే. కనీసం పోయినట్టు కనిపిస్తుంది. జవాబు ఇలా ఉండాలి:

"ఏ రోజు వస్తారో నాకు అర్థం కాలేదండీ. రేపటికైతే 1, ఎల్లుండికైతే 2 పంపండి. వేరే రోజైతే తేదీ పంపండి, ఉదాహరణకు 17. మీ థైరాయిడ్ బుకింగ్ అలాగే ఉంది, మిగతా వివరాలు మళ్లీ చెప్పనక్కర్లేదు."

ఇందులో ఏది అర్థం కాలేదో ఉంది. మొత్తం కాదు, రోజు మాత్రమే. అర్థం కాకపోవడం బాట్ లోపంగా ఉంది, రాసినవాళ్ల తప్పుగా కాదు. "చెల్లని ఇన్‌పుట్" అన్న మాట సరిగ్గా దీనికి వ్యతిరేకం. తర్వాత ఏం పంపితే పనవుతుందో ఉంది, నకలు చేసుకోదగ్గ ఉదాహరణతో సహా. ఇంతవరకూ చెప్పింది భద్రంగా ఉందన్న హామీ ఉంది. ఎలిజా దగ్గర నేర్చుకోవచ్చన్నది ఈ చివరిదే, ఇక్కడ మాత్రం ఆ జ్ఞాపకం నటన కాదు.

అయినా ఆ మనిషి "panduga tarvata roju" అని పంపొచ్చు. రెండోసారి అదే పేరా మళ్లీ పంపితే చదవరు. ఈసారి చిన్నదవ్వాలి, దారి ఇంకా ఇరుకవ్వాలి: "తేదీ అంకె ఒక్కటే పంపండి. 17 అని పంపితే 17వ తేదీకి రాసుకుంటాను. మావాళ్లతో మాట్లాడాలంటే 0 పంపండి." మూడోసారీ కుదరకపోతే ఇక అడగకూడదు. "నాకు అందడం లేదండీ. మీ పేరు, నంబరు, థైరాయిడ్ పరీక్ష వివరాలు మావాళ్లకు ఇచ్చాను. రేపు ఉదయం 7 తర్వాత ఫోన్ చేసి రోజు ఖాయం చేస్తారు. అత్యవసరమైతే 108కి ఫోన్ చేయండి." వాయిస్ ఎక్స్ఎంఎల్‌లో ఇలా ఎన్నోసారి విఫలమైందో చూసి వేరే మాట చెప్పడానికి `count` అని ఒక గుర్తే ఉంది. మన బాట్‌లో ఒక లెక్క పెట్టుకోవాలి. ఆ లెక్క ప్రశ్నకు ఒకటి చొప్పున ఉండాలి. పేరు దగ్గర ఒకసారి తడబడిన మనిషిని తేదీ దగ్గర రెండోసారి తడబడినట్టు లెక్కవేయకూడదు. అర్థమైన జవాబు రాగానే సున్నా చేయాలి.

మూడో జవాబులో ఉన్న మాట ఇచ్చేముందు ల్యాబ్‌వాళ్లతో కూర్చుని మాట్లాడాలి. ఉదయం 7కి నిజంగా ఎవరు ఫోన్ చేస్తారు? ఆ వివరాలు ఎవరి ఫోన్‌కు వెళతాయి? ఆ మనిషి సెలవులో ఉంటే? దీనికి జవాబు లేకపోతే ఆ వాక్యం రాయకూడదు, "ఉదయం 7 నుంచి ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని రాయాలి. చేయని ఫోన్ కోసం ఒక రోజంతా ఎదురుచూడటం కంటే అది ఎంతో నయం.

108 ఎందుకంటే, ల్యాబ్ నంబరుకు రాత్రిపూట "ammaki gundelo noppi chematalu" అని వచ్చే అవకాశం ఉంది. 2005లో హైదరాబాద్‌లో మొదలైన ఆ అంబులెన్స్ నంబరు మన రెండు రాష్ట్రాల్లోనూ అందరికీ తెలిసినదే, కానీ కంగారులో చేతికందిన నంబరుకే మెసేజ్ పెడతారు. గుండె నొప్పి, ఊపిరి ఆడటం లేదు, స్పృహ లేదు లాంటి మాటలు కనిపిస్తే అన్నిటికంటే ముందు 108 చెప్పేలా చిన్న జాబితా పెట్టుకోవచ్చు. ఆ జాబితా ఎప్పటికీ పూర్తికాదు. ఎవరు ఏ మాటతో రాస్తారో చెప్పలేం. అందుకే ఆ ఒక్క వాక్యం ఫాల్‌బ్యాక్ చివరి మెట్టులో ఎప్పుడూ ఉండాలి. జాబితాకు అందనిది అక్కడికే వస్తుంది.

ఇంకో చిక్కు మన వాట్సాప్ అలవాటులోంచి వస్తుంది. ఒక్క వాక్యాన్ని నాలుగు ముక్కలుగా పంపుతాం. "అన్నా", "రేపు", "తినకుండా", "రావాలా". ముక్కముక్కకూ జవాబిచ్చే బాట్ పది సెకన్లలో మూడుసార్లు విఫలమై, మనిషి వాక్యం పూర్తిచేయకముందే సిబ్బందికి అప్పగించేస్తుంది. మెసేజ్ రాగానే బదులివ్వకుండా రెండు మూడు సెకన్లు ఆగి, ఈలోగా ఇంకోటి వస్తే మళ్లీ ఆగి, వచ్చినవన్నీ కలిపి ఒక్కటిగా చదవాలి. విఫలమైనా ఒక్కసారే లెక్క. రెండు సెకన్ల ఆలస్యం ఎవరూ గమనించరు, నాలుగు ఫాల్‌బ్యాక్‌లు వరసగా వస్తే తప్పక గమనిస్తారు.

బాట్ నడవడం మొదలయ్యాక ఫాల్‌బ్యాక్‌కు వెళ్లిన ప్రతి మెసేజ్‌నూ, అప్పుడు బాట్ ఏ ప్రశ్న అడిగి ఉందో దాంతోపాటు, ఒక చోట రాసిపెట్టాలి. ఆ పక్కన ఆ తర్వాత ఏమైందో కూడా: అర్థమైందా, మనిషి దగ్గరికి వెళ్లిందా, వాళ్లు ఇక రాయలేదా. ఆరోగ్యం సంగతులు కాబట్టి పేరు, ఫోన్ నంబరు అందులో ఉండకూడదు, కొంతకాలానికి చెరిపేయాలి. వారానికొకసారి కూర్చుని చదివితే, "తేదీ" ప్రశ్న దగ్గరే సగం పడుతున్నాయని తెలియొచ్చు. అప్పుడు మార్చాల్సింది ఫాల్‌బ్యాక్‌ను కాదు, ప్రశ్నను. "ఏ రోజు వస్తారు?" అన్నచోట "ఏ తేదీన వస్తారు? అంకె పంపండి, ఉదాహరణకు 17" అని మొదటే అడిగితే పండగ మాట చాలామటుకు రాదు. "పరగడుపున రావాలా" అన్నది మళ్లీ మళ్లీ కనిపిస్తే అది నాలుగో పని కావాలి, ఏ పరీక్షకు ఎన్ని గంటలు తినకుండా ఉండాలో ల్యాబ్ డాక్టరును అడిగి రాయించాలి. పక్కనే, అర్థమైందనుకుని జవాబిచ్చినవాటిలోంచి కూడా కొన్ని తీసి చదవాలి. "hiv test fee" లాంటివి దొరికేది ఆ కుప్పలోనే, ఫాల్‌బ్యాక్ చిట్టాలో అవి ఉండవు.